ఫొటోలో గోపురం, కమాను, స్తంభం: కెమెరా మార్చేవి, మార్చలేనివి

పాత గుడి ఫొటోనో కోట ఫొటోనో చూసి ఇది ఏ శైలి అని చెప్పబోయేటప్పుడు చాలామంది కళ్లు ముందు వెళ్లేది ఎత్తు మీదకి, సన్నదనం మీదకి, వాలు మీదకి. "అబ్బ, ఎంత సన్నగా పైకి లేచిందో, ఇది ఫలానా శైలి అయ్యుంటుంది" అనేస్తారు. చిక్కేమిటంటే ఈ మూడూ కెమెరా ఎంతైనా మార్చేయగలిగినవే. ఫోన్ పట్టుకున్న మనిషి నాలుగడుగులు ముందుకు వేసినా, ఫోన్‌ని కాస్త పైకి ఎత్తినా, అదే గోపురం ఇంకో గోపురంలా కనిపిస్తుంది. అందుకని ఫొటోలో కట్టడాన్ని గుర్తుపట్టే పని శైలుల పేర్లతో మొదలుపెట్టకూడదు. ఈ ఫొటోలో ఏది నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు అన్న దగ్గర మొదలుపెట్టాలి.

మామూలు కెమెరా లెన్స్ చేసే మార్పుకి కొన్ని హద్దులు ఉన్నాయి. గోడ అంచు తిన్నగా ఉంటే ఫొటోలోనూ తిన్నగానే పడుతుంది, వాలిపోవచ్చు గానీ వంగదు. కమాను నెత్తిన మొన ఉంటే మొనగానే పడుతుంది, గుండ్రంగా ఉన్నదానికి ఏ కోణంలో తీసినా మొన రాదు. ఒక అంచు బయటికి ఉబ్బి ఉంటే ఉబ్బుగానే, లోపలికి వంగి ఉంటే లోపలికే కనిపిస్తుంది. కలశాలు ఎన్ని, అంతస్తులు ఎన్ని అన్న లెక్క మారదు. కింద నుంచి పైకి ఏ భాగం తర్వాత ఏ భాగం వస్తుందన్న వరస కూడా మారదు. మారేవల్లా పొడవు, వెడల్పు, కోణం, వాటి మధ్య నిష్పత్తి. అంటే గుర్తుపట్టడానికి వాడాల్సింది లెక్కలు, మొనలు, వంపు ఏ వైపుకి ఉందన్నది, వరస, రాళ్ల అతుకులు. ఎత్తు వెడల్పులు ఆ తర్వాతే, అదీ జాగ్రత్తగా.

దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. పనోరమా మోడ్‌లో తీసిన ఫొటోలో తిన్నని ప్రాకారం గోడ కూడా విల్లులా వంగుతుంది, అలాంటి ఫొటోలో వంపుల గురించి మాట్లాడకపోవడమే మంచిది. అలాగే ఫోన్‌లో 0.5 అని ఉండే వెడల్పు లెన్స్‌తో తీస్తే ఫ్రేము అంచుల దగ్గర వంపు కొంత మిగిలిపోవచ్చు. ఫొటోలో ఎక్కడైనా కచ్చితంగా తిన్నగా ఉండాల్సిన వస్తువు, కరెంటు స్తంభమో ధ్వజస్తంభమో, కనిపిస్తే దాన్ని ముందు చూసుకోవాలి. అది తిన్నగా ఉంటే పక్కనున్న వాటి వంపుల్ని నమ్మొచ్చు.

ఎత్తు సంగతి ఎంత మోసమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 30 మీటర్ల ఎత్తున్న గాలిగోపురం ఉందనుకుందాం, కింద వెడల్పు 20 మీటర్లు, నెత్తిన 10 మీటర్లు. దానికి 20 మీటర్ల దూరంలో, వీధిలో నిలబడి, ఫోన్‌ని 35 డిగ్రీలు పైకి ఎత్తి తీశారు. లెన్స్ చూసే దిశలో కొలిస్తే గోపురం అడుగు సుమారు 15.5 మీటర్ల దూరంలో ఉంటుంది, నెత్తి సుమారు 32.7 మీటర్ల దూరంలో. ఫొటోలో సైజు ఈ దూరానికి తగ్గట్టు పడుతుంది కాబట్టి పైభాగం కిందిదానితో పోలిస్తే సగానికన్నా కొంచెం చిన్నగా వస్తుంది. నిజంగా అడుగు వెడల్పులో సగం ఉన్న నెత్తి ఫొటోలో పావు వంతులా కనిపిస్తుంది. అదే మనిషి వెనక్కి వెళ్లి, గోపురానికి 60 మీటర్ల దూరంలో నిలబడి, గోపురం మధ్య భాగం వైపు, అంటే 13 డిగ్రీల దాకా ఎత్తి తీస్తే ఆ తేడా పది శాతం దగ్గర ఆగుతుంది. ఫోన్‌ని ఏమాత్రం పైకి ఎత్తకుండా నిటారుగా పట్టుకుంటే ఈ తేడా అసలు రాదు, కానీ అప్పుడు నెత్తి ఫ్రేములో పట్టాలంటే బాగా వెనక్కి పోవాలి, మన ఊళ్లలో గుడి ముందు అంత ఖాళీ చాలా చోట్ల దొరకదు. సన్నగా, కోసుగా ఉందని చెప్పే మాటకి విలువ లేనిది ఇందుకే.

ఇప్పుడు నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న తల్పగిరి రంగనాథస్వామి గుడి గాలిగోపురం ఫొటో తీసుకుందాం. ఎత్తు చూడొద్దు. ముందు నెత్తి చూడాలి. గాలిగోపురం నెత్తి చదరంగా ఉండదు, పొడుగ్గా, అటూ ఇటూ సాగి, గూడుబండి కప్పులాగా ఉంటుంది. దాన్ని శిల్పులు శాల అంటారు. ఆ పొడుగు కప్పు వెన్ను మీద కలశాలు వరసగా ఉంటాయి, ఒకటి కాదు, బేసి సంఖ్యలో కొన్ని. గర్భగుడి మీదుండే విమానానికి మామూలుగా నెత్తిన ఒకే కలశం, దాని కింద చదరంగానో ఎనిమిది పలకలుగానో గుండ్రంగానో ఉన్న శిఖరం. తేడా ఇంత సులువు: కలశాలు లెక్కపెట్టండి. వరసగా చాలా ఉంటే అది దాదాపు ఎప్పుడూ గోపురం, ఒక్కటే ఉంటే విమానం అయ్యే అవకాశం ఎక్కువ. ఫోన్ ఎలా ఎత్తి పట్టుకున్నా ఈ లెక్క మారదు, కలశాలన్నీ ఫ్రేములో పడి, ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా ఉంటే చాలు. పక్కవైపు నుంచి తీస్తే వరస మొత్తం ఒకే కలశంలా కనబడుతుంది. అక్కడ పొరబాటు జరుగుతుంది.

"దాదాపు" అనడానికి కారణం ఉంది. పడుకున్న మూర్తి ఉన్న గుళ్లలో గర్భగుడి పొడుగ్గా ఉంటుంది కాబట్టి దాని మీది విమానం కూడా పొడుగు నెత్తితో ఉండొచ్చు. మహాబలిపురంలో భీమ రథం, గణేశ రథం నెత్తులు చూస్తే శాల ఆకారం గోపురాలకే పరిమితం కాదని వెంటనే తెలుస్తుంది. అందుకని రెండో ఆనవాలు కూడా కావాలి. గోపురం ద్వారం మీద నిలబడింది, దాని పని మనుషుల్ని లోపలికి పంపడం. కాబట్టి కింద నిలువెత్తు దారి ఉంటుంది, అదే నడిమి గీత మీద పై అంతస్తు ఒక్కొక్కదానిలో ఒక్కో ద్వారం లాంటి తెరుపు ఉంటుంది, తెరుపుకి అటూ ఇటూ ద్వారపాలకులు. రెండు పక్కలా ప్రాకారం గోడ వచ్చి దానికి తగులుతుంది. ఈ గోడ తగలడం అన్నది ఫొటోలో కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. విమానానికి గోడ తగలదు, అది ప్రాకారం లోపల, గర్భగుడి మీద, ముందు మండపాన్ని పెట్టుకుని ఉంటుంది.

అంతస్తుల లెక్క దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కెమెరా లెక్కని మార్చదు గానీ కట్టడమే తన భాగాన్ని దాచుకోగలదు. ప్రతి అంతస్తుకీ కింద బయటికి పొడుచుకొచ్చిన చూరు ఉంటుంది, దాన్ని కపోతం అంటారు. దగ్గర నిలబడి పైకి చూస్తే ఆ కపోతం తన పైనున్న అంతస్తు అడుగుభాగాన్ని కప్పేస్తుంది. పై అంతస్తులు కొంచెం కొంచెం లోపలికి జరిగి ఉంటాయి కాబట్టి పైకి పోయేకొద్దీ ఈ కప్పడం ఎక్కువవుతుంది, నెత్తి కింద మెడలా ఉండే గ్రీవం పూర్తిగా మాయమైపోతుంది. బొమ్మలు లెక్కపెట్టి అంతస్తులు తేల్చాలని చూస్తే తప్పు వచ్చేది ఇక్కడే. బొమ్మల వరసలు కాకుండా నడిమి తెరుపులు లెక్కపెట్టాలి, లేదా కపోతాల గీతలు లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ కలిస్తే సరే. కలవకపోతే దూరం నుంచి తీసిన ఇంకో ఫొటో కావాలి.

గోపురం కిందిభాగం, పైభాగం వేరే వేరే పదార్థాలతో ఉంటాయన్న సంగతి కూడా ఫొటోలో చక్కగా కనిపిస్తుంది. ద్వారం ఉన్న కిందిభాగం నల్లరాయితో, అతుకులు కనబడేలా, సన్నని గోడస్తంభాలతో ఉంటుంది. మొదటి పెద్ద కపోతం దాటాక పైనంతా ఇటుక, సున్నం, గచ్చుబొమ్మలు, వాటి మీద రంగులు. బరువు తగ్గించడానికే పైన ఇటుక వాడారు. ఆ గచ్చుపని వానకీ ఎండకీ పాడవుతుంది కాబట్టి కుంభాభిషేకం అప్పుడల్లా బాగుచేసి కొత్త రంగులు వేస్తారు. అందువల్ల రంగు బొమ్మలు చూసి గోపురం కాలం చెప్పడం కుదరదు. కాలం గురించి ఏదైనా చెప్పగలిగింది ఆ రాతి అడుగే.

ఇక శిఖరం శైలుల దగ్గరికి వద్దాం. మన వైపు గుళ్లలో నూటికి తొంభై ద్రావిడ పద్ధతివే అన్నట్టు ఉంటాయి కాబట్టి వేరేది కనిపించినా కన్ను పట్టించుకోదు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో గిద్దలూరు వైపు సత్యవోలులో బాదామి చాళుక్యుల కాలం నాటి రామలింగేశ్వరాలయం ఉంది. దాని శిఖరం రేఖా నాగర పద్ధతి, ఆలంపురంలోనూ మహానందిలోనూ కనిపించే రకం. ఫొటోలో దీన్ని పట్టుకోవడానికి అంచు చూస్తే చాలు. ద్రావిడ విమానం అంచు మెట్లు మెట్లుగా లోపలికి జరుగుతుంది, మెట్ల కొసలు కలిపి గీత గీస్తే తిన్నగా గానీ కొంచెం లోపలికి వంగి గానీ ఉంటుంది. రేఖా నాగర శిఖరం అంచు బయటికి ఉబ్బి, పైకి పోయేకొద్దీ లోపలికి ముడుచుకుంటుంది. ముందే చెప్పుకున్నట్టు బయటి ఉబ్బు, లోపలి వంపు అన్నవి ఫోన్ ఎత్తినా దించినా తారుమారు కావు. కింద నుంచి తీసిన ఫొటోలో ద్రావిడ గోపురం కోసుగా కనిపించినంత మాత్రాన నాగరం అయిపోదు, ఉబ్బు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

అంచు స్పష్టంగా లేకపోతే గీతల దిశ చూడాలి. ద్రావిడంలో కన్ను అడ్డంగా పోతుంది: అంతస్తు, కపోతం, మళ్లీ అంతస్తు, ఒక్కో అంతస్తు మీద మూలల్లో చిన్న చదరపు గుడి ఆకారాలు, మధ్యలో పొడుగు గుడి ఆకారం. రేఖా నాగరంలో కన్ను నిలువుగా పోతుంది: అడుగు నుంచి నెత్తి దాకా నిలువు పట్టీలు, మూల పట్టీల మీద కొంత దూరానికొకటి గాడులు పడ్డ చక్రం లాంటి చిన్న ఆమలకాలు, అన్నింటికీ పైన ఒక పెద్ద ఆమలకం, దాని మీద కలశం. ముందువైపు శిఖరం నుంచి బయటికి పొడుచుకొచ్చిన శుకనాస కూడా ఉంటే ఇంకా మంచిది. ఆమలకం పోయి, పైన తర్వాతి వాళ్లు సున్నపు దిమ్మ పెట్టిన గుళ్లు కూడా ఉంటాయి, అలాంటి చోట నిలువు పట్టీలే ఆధారం. ఈ రెంటిలో దేనికీ సరిగ్గా పట్టని, బొమ్మలు లేని మెట్ల కుప్పలా ఉండే శిఖరాలు కూడా మన పల్లెల్లో బోలెడు. వాటికి బలవంతంగా పెద్ద పేరు తగిలించే బదులు "మెట్ల శిఖరం" అని రాసి ఊరుకోవడం నిజాయితీ.

కమాను విషయంలో రెండు వేరు వేరు ప్రశ్నలు ఉన్నాయి, చాలామంది వాటిని కలిపేస్తారు. ఆకారం ఏమిటి అన్నది ఒకటి. అది నిజంగా బరువు మోస్తున్న కమానా, లేక కమాను వేషమా అన్నది రెండోది.

ఆకారానికి ముందు నిలువు గోడ ఆగి వంపు మొదలయ్యే చోటు పట్టుకోవాలి. అక్కడి నుంచి నెత్తి దాకా ఎత్తు, మొత్తం వెడల్పులో సగం ఉంటే అర్ధచంద్ర కమాను, సగం కన్నా తక్కువ ఉంటే అది చదును కమాను, బ్రిటిష్ కాలపు ఇటుక బంగళాల కిటికీల మీద ఎక్కువగా కనిపించేది. అయితే ఈ కొలత ఎదురుగా నిలబడి తీసిన ఫొటోకే పనికొస్తుంది. రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు ఎత్తున్న అర్ధచంద్ర కమానుని 45 డిగ్రీల పక్క నుంచి తీస్తే వెడల్పు ఫొటోలో 1.4 మీటర్ల పాటికి కుదించుకుపోతుంది, ఎత్తు అలాగే ఉంటుంది. చూసినవాళ్లు "ఇది పొడుగు కమాను, ఏదో సుల్తానుల పద్ధతి" అంటారు. కానీ నెత్తిన మొన ఉందా? లేదు. అంతే, మొన లేనిదాన్ని మొన కమాను అనకూడదు.

మొన ఉంటే తర్వాతి ప్రశ్న దాని పక్కల వంపు ఎలా పోతుందన్నది. అడుగు నుంచి మొన దాకా ఒకే తీరుగా వంగి ఉంటే రెండు కేంద్రాల కమాను. అడుగు దగ్గర గబుక్కున వంగి, అక్కడి నుంచి మొన దాకా దాదాపు తిన్నగా పోతే నాలుగు కేంద్రాల కమాను. స్క్రీన్ మీద కాగితం అంచు ఆనించి చూస్తే పైభాగం దానికి అంటుకుపోతుందో లేదో తెలుస్తుంది. మొన దగ్గర వంపు దిశ తిరగబడి, కొస పైకి లాగినట్టు ఉంటే అది ఇంకో రకం. అంచంతా రేకులు రేకులుగా ఉంటే రేకుల కమాను, రేకులు లెక్కపెట్టొచ్చు.

ఉదయగిరి కొండ ఈ ఆకారాల్ని నేర్చుకోవడానికి మంచి చోటు, ఎందుకంటే ఆ కోట గజపతుల చేతిలోంచి 1514లో కృష్ణదేవరాయల చేతికి, ఆ తర్వాత గోల్కొండ సుల్తానుల చేతికి వెళ్లింది. అందువల్ల అక్కడ గుళ్లూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి. ఒకే కొండ మీద స్తంభాల మీద అడ్డరాయి పెట్టే దూలం పద్ధతి, కమాను పద్ధతి రెండూ కనిపిస్తాయి. అయితే మొన కమాను కనిపించింది కాబట్టి మసీదు అని తేల్చేయడం కూడా తొందరపాటే. హంపిలో లోటస్ మహల్ చూడండి, కింద రేకుల కమానులు, పైన గుడి శిఖరాల లాంటి కప్పులు. విజయనగరం వాళ్లు గుడి బయటి కట్టడాల్లో కమానుల్ని ఇష్టంగా వాడుకున్నారు. కమాను కట్టే పద్ధతిని చెబుతుంది, లోపల ఎవరు ఏం చేశారో చెప్పదు. మసీదు అనడానికి లోపలి గోడలో ప్రార్థన దిశ చూపే మిహ్రాబ్ గూడు కావాలి, కనీసం మినార్ల జాడ కావాలి.

రెండో ప్రశ్నకి జవాబు అతుకుల్లో ఉంది. నిజం కమానులో ఒక్కో రాయీ ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క సన్నగా చెక్కి ఉంటుంది, అతుకుల గీతలు విసనకర్ర పుల్లల్లా ఒకే వైపుకి దారితీస్తాయి. గీతలన్నీ అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉండి, ఒక్కో వరసా కిందిదాని కన్నా కాస్త ముందుకు జరిగి రెండు వైపులా నెత్తిన కలిస్తే అది కమాను ఆకారంలో పేర్చిన కట్టడమే, బరువు మోసే తీరు వేరు. గీతలేవీ లేకుండా ఒకే రాయిలో వంపు చెక్కి ఉంటే అది దూలం, వంపు అలంకారం. మన గుళ్ల ద్వారాల మీద కనిపించే మకర తోరణం ఈ చివరి రకం, కింద ద్వారబంధం మీద అడ్డంగా పెద్ద రాయి ఉంటుంది, బరువంతా దానిదే. కపోతం మీద వరసగా ఉండే గుర్రపునాడా ఆకారపు కూడులు అంతకన్నా చిన్న అలంకారాలు, పాత కొయ్య కట్టడాల కిటికీల జ్ఞాపకంగా రాతిలోకి వచ్చినవి. ఫొటో కింద "ఇందులో పద్దెనిమిది కమానులున్నాయి" అని రాసేవాళ్లు వీటినే లెక్కపెట్టేస్తారు.

గచ్చు పూసేస్తే అతుకులు కనబడవు. అప్పుడు పక్కలు చూడాలి. నిజం కమాను బరువుని కిందికే కాదు, రెండు పక్కలకీ నెడుతుంది. ఆ నెట్టుడుకి అడ్డుగా ఏదో ఒకటి ఉండి తీరాలి: మందపాటి గోడ, పక్కన ఇంకో కమాను, వరస చివర లావుపాటి దిమ్మ, లేదా అడుగున అటూ ఇటూ పట్టి లాగే ఇనుప కడ్డీ. సన్నని రెండు స్తంభాల మీద పెద్ద కమాను పక్కన ఏ ఆసరా లేకుండా నిలబడి ఉంటే అది సిమెంటు, ఇనుము కలిపి పోసినది. ఊరి మొదట్లో కట్టే స్వాగత ఆర్చి ఇలాంటిదే, పైన తిన్నని కాంక్రీటు దూలం, కింద వంపు పూత. నిజం కమాను పక్కకి జరిగితే నెత్తి దగ్గర చీలిక వస్తుంది, నడిమి రాయి కొంచెం కిందికి దిగుతుంది. ఫొటోలో నడిమి రాయి దిగినట్టు కనిపిస్తే అది పనిచేస్తున్న కమానే అనడానికి మంచి సాక్ష్యం, ఆ కట్టడానికి మరమ్మతు కావాలని కూడా అర్థం.

గుమ్మటం గురించి బయటి ఫొటో చెప్పగలిగింది కొంచెమే. అడుగున తామర రేకులు తేలి ఉండి, వాటి పైన గుమ్మటం ఉబ్బి, వెడల్పు ఎక్కువగా ఉన్న చోటు అడుగు కన్నా పైన ఉంటే గోల్కొండ పద్ధతి అనడానికి ఆధారం ఉన్నట్టు. దగ్గర నుంచి, కింద నుంచి తీస్తే పిట్టగోడ ఆ అడుగుని కప్పేస్తుంది, రేకులూ ఉబ్బూ రెండూ పోతాయి. చదరపు గది మీద గుండ్రటి కప్పు ఎలా కూర్చుందన్నది అసలు సంగతి: నాలుగు మూలల్లో చిన్న కమానులు అడ్డంగా కట్టి ఎనిమిది పలకలు చేసుకున్నారా, లేక మూలల్లో వంపు తిరిగిన త్రికోణాల మీద కూర్చోబెట్టారా. ఇది లోపల నిలబడి పైకి తీసిన ఫొటోలోనే కనబడుతుంది. గుడి విమానం మీది గుండ్రటి శిఖరాన్ని కూడా గుమ్మటం అనేస్తుంటారు, కింద గదిలో నిలబడి తల ఎత్తి చూస్తే ఆ గుండ్రం కనిపించదు, చదును కప్పే ఉంటుంది. అక్కడ గుండ్రం అన్నది బయటివాళ్లు చూడటానికి.

స్తంభాల దగ్గర ఉమ్మడి ప్రకాశం జిల్లా భైరవకోన కన్నా మంచి ఉదాహరణ దొరకదు. అక్కడ కొండ రాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలున్నాయి. ముందు స్తంభాల అడుగున కూర్చున్న సింహాలు ఉంటాయి, పల్లవుల పనితనంతో పోల్చేది అందుకే. ఫొటో చూసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం సింహం గురించి కాదు, అతుకు ఉందా అని. స్తంభానికీ నేలకీ మధ్య, స్తంభానికీ పైదూలానికీ మధ్య గీత లేదు, రాతిలోని చారలు స్తంభం మీదుగా కొండలోకి అలాగే సాగిపోతాయి. అంటే ఆ స్తంభాన్ని ఎవరూ నిలబెట్టలేదు, చుట్టూ ఉన్న రాతిని తీసేస్తే అది మిగిలింది. అందుకే అలాంటి చోట స్తంభం సన్నగా ఉందా లావుగా ఉందా అన్నదాన్ని బట్టి బరువు లెక్కలు చెప్పడం అర్థం లేని పని. కొన్ని గుహల్లో తర్వాతి కాలంలో పగిలిన చోట రాయి పెట్టి అతికిస్తారు, అతుకు ఒక్క స్తంభానికే కనిపిస్తే అది మరమ్మతు.

నిలబెట్టిన స్తంభాల మండపం అయితే అందరూ కింద బొమ్మల్ని చూస్తారు, చూడాల్సింది పైన బోదికని. స్తంభం నెత్తికీ దూలానికీ మధ్య అటూ ఇటూ చేతులు చాపినట్టుండే రాయి అది. పల్లవుల కాలంలో దాని అడుగు గుండ్రంగా తిరిగి అలల వరసల్లా గాడులు ఉంటాయి. చోళుల కాలానికి ఆ గుండ్రం పోయి కోణంగా కోసినట్టు అవుతుంది, మధ్యలో చిన్న నాలుక ముందుకు వస్తుంది. విజయనగరం కాలానికి ఆ నాలుక సాగి, కిందికి వంగి, కొసన తామరమొగ్గ వేలాడుతుంది. ఈ మార్పు ఎంత నమ్మకమైనదంటే, బొమ్మలన్నీ విరిగిపోయిన మండపంలో కూడా నెత్తి మిగిలి ఉంటే దాని కాలం గురించి ఏదో ఒకటి చెప్పొచ్చు. మొగ్గ వేలాడుతోందా లేదా అన్నది కెమెరా మార్చలేని సంగతి. ఒకటే ఇబ్బంది, మండపం లోపల చీకటి, బయట వెలుతురు, ఫోన్ బయటి వెలుతురుకి సర్దుకుంటే నెత్తులన్నీ నల్లగా పడతాయి. స్క్రీన్ మీద నెత్తి దగ్గర వేలు పెట్టి ఫోకస్ చేసి తీస్తే బయట తెల్లబారిపోయినా బోదిక కనిపిస్తుంది.

విజయనగరం మండపాల్లో ఇంకో తేలిక గుర్తు ఉంది, ముందరి స్తంభానికి అంటుకుని గుర్రం మీద రౌతో, సింహాన్ని పోలిన ఊహా మృగం యాళియో ముందుకు దూకుతున్నట్టు ఉంటుంది, మొత్తం ఒకే రాయి. ఒకే రాయి అని తెలిసేది మళ్లీ అతుకు లేకపోవడం వల్లే. సిమెంటుతో ఈ మధ్య చేసిన యాళి అయితే స్తంభానికీ బొమ్మకీ కలిసే చోట సన్నని పగులు గీత పడుతుంది, రంగు అక్కడే ముందు ఊడుతుంది.

పాత రాళ్లు తెచ్చి కొత్త మండపంలో వాడుకోవడం మన వైపు చాలా మామూలు. దాన్ని కూడా బోదికలే పట్టిస్తాయి. ఒకే వరసలో నాలుగు స్తంభాలకి మొగ్గ బోదికలు, రెండింటికి కోణపు బోదికలు ఉండి, పొట్టి స్తంభాల కింద ఎత్తు సరిపెట్టడానికి అదనపు దిమ్మలు పెట్టి ఉంటే, ఆ మండపం దానిలోని అన్నిటికన్నా కొత్త రాయి కన్నా పాతది అయ్యే వీల్లేదు. అలాంటి ఫొటో కింద ఒకే శతాబ్దం పేరు రాయకూడదు. స్తంభాలు ఫలానా ఫలానా పద్ధతులవి, మండపం తర్వాత ఎప్పుడో కూర్చింది అని విడివిడిగా రాయాలి, పునాది దగ్గర శాసనం ఏదైనా కనిపిస్తే ఆ రాయి ఏ వైపుకి తిరిగి ఉందో కూడా చూసుకోవాలి, ఎందుకంటే తలకిందులుగా పెట్టిన శాసనం రాయి ఆ గోడది కాదు, ఎక్కడి నుంచో తెచ్చి పెట్టింది.